ఇంతకీ అబ్బాయి ఏం చేస్తాడు?

మధిరలో ఎవరింటికైనా వెళ్లి కూర్చోండి. మంచినీళ్ల గ్లాసు చేతికొచ్చేలోపే ఒక ప్రశ్న వస్తుంది: "అబ్బాయి ఏం చేస్తాడు?" దీనికి జవాబు ఒక్క ముక్కలో ఉండాలి. రైల్వేలో టీసీ. బ్యాంకులో క్లర్కు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. ఈ చివరిదాని వెనక ఏముందో అడిగినవాళ్లకీ తెలియదు, చెప్పినవాళ్లకీ తెలియదు. అయినా ముక్క ఒకటే కాబట్టి చెల్లుబాటవుతుంది.

మా అక్క తన కొడుకు విషయంలో ఆ ఒక్క ముక్క కోసం ఆరేళ్లు వెతికింది. దొరకలేదు. పెళ్లి సంబంధాల వాళ్లు బయోడేటాలో "ఉద్యోగం" అన్న చోట ఏం రాయమంటారని అడిగితే, "వాడు అన్నీ చూసుకుంటాడండీ" అనేది. అన్నీ చూసుకునేవాణ్ణి మా ఊళ్లో రెండు రకాలుగానే అర్థం చేసుకుంటారు. అయితే యజమాని, కాకపోతే వాచ్‌మన్. మొదటిది కాదని తేలగానే వచ్చినవాళ్లు కాఫీ తాగి లేచేవాళ్లు.

నిజానికి అక్క చెప్పినదాంట్లో అబద్ధం లేదు. వాడు హైదరాబాద్‌లో ఒక స్టార్టప్‌లో మూడో ఉద్యోగిగా చేరాడు. అంటే యజమానులు ఇద్దరు, ఆ తర్వాత వీడు. ఎండు మిర్చి వ్యాపారం. రైతు ఖమ్మం మార్కెట్‌కి టిక్కీలు తోలుకెళ్లి, పొద్దున్నే జెండా పాట ఎంత పలికిందో విని, తన కాయకి అంతకన్నా ఎందుకు తక్కువ వేశారో తెలియక నిలబడే పని లేకుండా, ఊళ్లోనే కాంటా వేసి కొని, డబ్బు నేరుగా ఖాతాలో వేస్తామని ఆ కంపెనీ మాట. ఆరేళ్లలో అరవై మంది అయ్యారు. తర్వాత దాన్ని ఒక పెద్ద కంపెనీ కొనుక్కుంది. వాళ్లకి ప్రతి పనికీ ఒక విభాగం ఉంది. వీడు ఏ విభాగం కిందికి వస్తాడో తేల్చడానికి రెండు మీటింగులు పెట్టి, తేలక, మర్యాదగా మూడు నెలల జీతం ఇచ్చి పంపారు. ఒకరోజు మావాడు గోల్కొండ ఎక్స్‌ప్రెస్ దిగి, ల్యాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని ఇంటికొచ్చాడు.

వచ్చాక చాలా చోట్లకి రెజ్యూమె పంపాడు. పిలుపుల్లేవు. ఒకావిడ మాత్రం ఫోన్ చేసి, "మీరు ఏ టీమ్ అండీ?" అని అడిగిందట. వీడు ఇరవై నిమిషాలు చెప్పాడు. ఆవిడ చివరికి, "అలాగేనండీ, ఇంతకీ ఏ టీమ్?" అందట.

అప్పుడు మా బావ ఒక సలహా ఇచ్చాడు. "మీ మామయ్య జన్మంతా పేపర్ డెస్క్‌లో కూర్చుని ఎదుటివాళ్లు రాసింది కొట్టెయ్యడమే పనిగా బతికాడు. ఆయన దగ్గరికి వెళ్లు." మా బావ నా వృత్తి గురించి మాట్లాడిన మంచి మాటల్లో ఇదొకటి. రెండోది ఇంకా రాలేదు.

వాడు నా చేతిలో పెట్టినవి నాలుగు పేజీలు. పైన లింక్డ్‌ఇన్ హెడ్‌లైన్. అక్కడ 220 అక్షరాల దాకా రాసుకోనిస్తారు. మనవాడు ఒక్క అక్షరం కూడా వృథా చెయ్యలేదు. ఆపరేషన్స్, నిలువు గీత, గ్రోత్, నిలువు గీత, ప్రోడక్ట్, హెచ్‌ఆర్, ఫైనాన్స్, కస్టమర్ సపోర్ట్, వెండర్ మేనేజ్‌మెంట్, అడ్మిన్... మధ్యమధ్య గీతలతో చూస్తే మా ఇంటి కిటికీలా ఉంది. కింద నాలుగు పేజీల్లో చుక్కలు, చుక్కల పక్కన పనులు. ఆఫీసుకి ఇల్లు అద్దెకి చూడటం, జనరేటర్‌కి డీజిల్ పోయించడం, పెట్టుబడిదారు వస్తే విమానాశ్రయం నుంచి తీసుకురావడం, పుట్టినరోజు కేకులు, మిర్చి గ్రేడింగ్ నియమాలు రాయడం, యాప్ పరీక్షించడం. అన్నీ ఒకే సైజు అక్షరాల్లో, ఒకే వరసలో. కేకుకీ గ్రేడింగ్‌కీ తేడా లేదు.

మూడో పేజీలో "వాయిస్ ఆర్టిస్ట్" అని ఉంది. ఇదేందిరా అన్నాను.

"రైతులు ఫోన్ చేస్తే వినపడే రికార్డింగ్ మామయ్యా. 'ఈరోజు ధర కోసం ఒకటి నొక్కండి.' డబ్బుల్లేక నేనే చెప్పా."

దీని వెనక ఒక కథ ఉంది. ఆ నంబరు మా అక్కకి ఎలాగో దొరికింది. వాడి సొంత ఫోన్ ఎప్పుడూ బిజీ. అందుకని అక్క ఈ నంబరుకి చేసేది. వాడి గొంతు వినపడగానే, "తిన్నావా నాయనా?" అనేది. "పేమెంట్ వివరాలకు రెండు నొక్కండి," అనేవాడు వాడు. "సన్నబడ్డావా?" అనేది అక్క. "మళ్లీ వినడానికి సున్నా నొక్కండి." అక్క సున్నా నొక్కేది. ఎంత పిలిచినా విసుక్కోకుండా ఒకే స్వరంతో పలికే కొడుకు దొరికాడని ఆవిడ సంతోషం. కంపెనీ లెక్కల్లో మధిర నుంచి రోజూ మిర్చి ధర మీద ఇంత ఆసక్తి చూపుతున్న రైతు ఎవరా అని ఆరా కూడా తీశారట.

కథ బాగుంది. కానీ రెజ్యూమెలో వాయిస్ ఆర్టిస్ట్ అన్న మాట చూసినవాడికి ఈ కథ కనపడదు. దారి తప్పిన మనిషి కనపడతాడు. ఆ నాలుగు పేజీలూ మా ఆవిడకిచ్చి చదవమన్నాను. ఆవిడ రెండో పేజీ దగ్గర ఆగి, "ఏ పనిలోనూ కుదురుగా లేడేమండీ?" అంది. ఉద్యోగాలిచ్చే వాళ్లందరూ అనుకుని, పైకి చెప్పని మాట అదే.

ఇక్కడ లోకం తీరు కాస్త అన్యాయంగా ఉంటుంది. ఫణీంద్ర సామ, చరణ్ పద్మరాజు, సుధాకర్ పసుపునూరి అనే ముగ్గురు బిట్స్ పిలానీ మిత్రులు రెడ్‌బస్ పెట్టిన సంగతి మనకి తెలుసు. 2005 దీపావళికి ఫణీంద్రకి బెంగళూరు నుంచి ఊరికి వెళ్లడానికి బస్సు టికెట్ దొరకలేదు. 2006లో కంపెనీ మొదలైంది. వాళ్లు ప్రోగ్రాములు రాశారు, బస్సు యజమానుల చుట్టూ తిరిగారు, సీట్లు అడిగి తెచ్చుకుని టికెట్లు అమ్మారు. 2013లో ఐబిబో దాన్ని కొనుక్కుంది. ఫణీంద్ర తర్వాత తెలంగాణ ప్రభుత్వానికి చీఫ్ ఇన్నొవేషన్ ఆఫీసర్ కూడా అయ్యారు. ఆయన్ని ఎవరూ "ఇంతకీ మీరు ప్రోగ్రామరా, టికెట్ ఏజెంటా?" అని అడగలేదు. యజమాని పది పనులు చేస్తే పట్టుదల. ఉద్యోగి పది పనులు చేస్తే అయోమయం.

అయితే ఇదంతా యజమానికి ఉండే గౌరవం వల్లేనని సరిపెట్టుకుంటే సగమే చూసినట్టు. రెడ్‌బస్ కథ చెప్పేటప్పుడు అన్ని పనులూ ఒక ప్రశ్న కిందికి వస్తాయి: ఖాళీ సీటు ఏ బస్సులో ఉందో ప్రయాణికుడికి ఎలా తెలుస్తుంది? ముందు బస్సు యజమానుల కోసమని సాఫ్ట్‌వేర్ రాశారు. వాళ్లు ఆసక్తి చూపలేదు. అందుకని తామే సీట్లు తీసుకుని అమ్మారు. ఒక పని ఎందుకు చేశారో దాని ముందు పని చెబుతుంది. మావాడి నాలుగు పేజీల్లో లేనిది అదే. పనులన్నీ ఉన్నాయి, ఒకదాని నుంచి ఇంకోటి ఎందుకు పుట్టిందో లేదు.

డెస్క్‌లో కొత్తగా వచ్చిన కుర్రాళ్లకి నేనొకటి చెప్పేవాణ్ణి. వార్తలో రెండు వాక్యాల మధ్య "తర్వాత" అన్న మాట పెట్టి చూడు, "అందుకని" అన్న మాట పెట్టి చూడు. "తర్వాత" ఒక్కటే ఇమిడితే ఆ రెండో వాక్యం బహుశా అక్కర్లేదు. "అందుకని" ఇమిడితే ఉంచు. సభకు జెడ్పీటీసీ హాజరయ్యారు, తర్వాత వక్తలు ప్రసంగించారు, తర్వాత వందన సమర్పణ. కొట్టెయ్. కాలువ గండి పడింది, అందుకని మూడూళ్ల నాట్లు ఆగాయి. ఉంచు. మావాడి ఆరేళ్లకీ అదే పరీక్ష పెట్టాను. వరండాలో కూర్చోబెట్టి, కాగితం మడతపెట్టి, ఎడమ వైపు ఏం చేశావు, కుడి వైపు ఎందుకు చెయ్యాల్సొచ్చింది అని రాయమన్నాను.

"మొదట్లో ఏం చేశావురా?"

"ఫోన్లు ఎత్తా."

"ఏమని వచ్చేవి?"

"ఒకటే మాట మామయ్యా. డబ్బులెప్పుడు పడతయ్యి?"

"ఎప్పుడు పడేవి?"

"తొమ్మిది రోజులకి."

"ఎందుకంత?"

ఇక్కడ వాడు కాసేపు ఆలోచించాడు. ఆరేళ్లు ఆ పనిలో ఉండి కూడా, ఎందుకు అని ఎవరూ కూర్చోబెట్టి అడగలేదు కాబట్టి, ఆ జవాబు వాడి రెజ్యూమెలో ఎక్కడా లేదు. ఊళ్లో కాంటా దగ్గర కాయ చూసి ఒక ధర చెప్పేవాళ్లట. లారీ మిల్లుకి వెళ్లాక అక్కడ కొనేవాడు, తేమ ఎక్కువుంది, తాలు ఎక్కువుంది అని కోత పెట్టేవాడు. తాలంటే తెలియనివాళ్ల కోసం చెబుతాను: రంగు పోయి తెల్లబారిన కాయ. కోత ఎంతో తేలేదాకా రైతుకి ఎంతివ్వాలో కంపెనీకే తెలియదు. తొమ్మిది రోజులు పోయింది అక్కడ. ఫోన్‌లో ఎంత తియ్యగా మాట్లాడినా అది తగ్గేది కాదు.

అందుకని వాడు ఫోన్ పక్కన పెట్టి కాంటా దగ్గరికి వెళ్లాడు. చూస్తే తేమని పిడికిట్లో కాయ నలిపి, గింజ గలగలలాడుతుందో లేదో విని చెబుతున్నారు. నమూనా టిక్కీ పైపైన తీస్తున్నారు. పైన మంచి కాయ, కింద తాలు పెట్టే పద్ధతి మనవాళ్లకి కొత్త కాదు. మా తాత కాలం నుంచీ ఉన్నదే, అందులో మా తాత పాత్ర గురించి ఇక్కడ అనవసరం. అందుకని వీడు తేమ కొలిచే మీటరు కొనిపించాడు. టిక్కీ కోసి నడిమధ్య నుంచి గుప్పెడు తియ్యాలని పెట్టాడు. ఏ ఫొటోలో ఉన్న కాయ ఏ గ్రేడో తెలుగులో ఒక్క పేజీ రాసి, మిల్లువాడి చేత కూడా ఒప్పించాడు. ఇక ఊళ్లో చెప్పిన గ్రేడే మిల్లులోనూ గ్రేడు.

ఆ పేజీని లెక్కగా మార్చాలి. అందుకని ఎక్సెల్ షీట్ చేశాడు: బరువు, తేమ, తాలు శాతం వేస్తే ధర వస్తుంది. షీట్ ఒక్కరి దగ్గరే ఉంటే పది ఊళ్లలో కాంటా వెయ్యలేరు. అందుకని హైదరాబాద్‌లో ప్రోగ్రాములు రాసే పిల్లల పక్కన కూర్చున్నాడు. వాళ్లకి తాలంటే తెలియదు. ఒకబ్బాయి దాన్ని తాళమనుకుని యాప్‌లో తాళం బొమ్మ కూడా పెట్టాడట. ఆ తాళం తియ్యడానికి వీడు వారం రోజులు అక్కడే ఉన్నాడు. రెజ్యూమెలో ఉన్న "ప్రోడక్ట్" అంటే అది. యాప్ వచ్చాక దాన్ని పట్టుకుని ఊళ్లో నిలబడే మనుషులు కావాలి. అందుకని బోనకల్లు, యర్రుపాలెం, చింతకాని వైపు తిరిగి కాయ తెలిసిన కుర్రాళ్లని తీసుకున్నాడు. "హెచ్‌ఆర్" అంటే అది. అయినా కొందరికి డబ్బు వెళ్లి వెనక్కొచ్చేది, ఖాతా నంబరులో అంకె తప్పు. అందుకని కాంటా దగ్గరే పాస్‌బుక్ ఫొటో తీయించాడు. "ఫైనాన్స్" అంటే అది. డబ్బు పడిందో లేదో రైతుకి తెలియాలి, అందుకని ఫోన్‌లో రికార్డింగ్. "వాయిస్ ఆర్టిస్ట్" అంటే అది.

కాగితం ఎడమ వైపు తొమ్మిది పనులున్నాయి. కుడి వైపు ఒక్కటే ఉంది. కాంటా పడిన దగ్గర్నుంచి పాస్‌బుక్‌లో అచ్చు పడేదాకా ఉన్న దారిలో ఎక్కడ ఆగితే అక్కడికి వీడు వెళ్లాడు. దూరం నుంచి చూస్తే గాలివాటం. దగ్గర్నుంచి చూస్తే వాడు ఆ దారి వదిలి ఒక్క అడుగు పక్కకి వెయ్యలేదు.

ఇంకో ప్రశ్న కూడా అడిగాను: ఒక్కో పనిని నీ తర్వాత ఎవరు తీసుకున్నారు? ఇది చాలామందికి తట్టదు. మొదట్లో చేరినవాళ్లు తాము చేసిన పనులు లెక్కపెట్టుకుంటారే గానీ, వదిలించుకున్న పనులు లెక్కపెట్టుకోరు. గ్రేడింగ్‌ని వీడు తీసుకున్న కుర్రాళ్లలోనే ఒకడు చూసుకుంటున్నాడు. షీట్ యాప్‌లో కలిసిపోయింది. చెల్లింపుల పని ఖాతాల విభాగానికి వెళ్లింది. అంటే వీడు పట్టుకున్న ప్రతి పనీ వీడు లేకపోయినా నడిచే స్థితికి వచ్చింది. కొత్తగా ఉద్యోగం ఇచ్చేవాడికి కావలసింది ఆ కబురు. తొమ్మిది పనులూ చివరిదాకా వీడి నెత్తి మీదే ఉండి ఉంటే, అది గొప్ప కాదు, ఆ కంపెనీకి ప్రమాదం.

తర్వాత అంకెల దగ్గరికొచ్చాం. తొమ్మిది రోజులు రెండు రోజులయ్యాయని రాశాడు. నేను పాత అలవాటు కొద్దీ ఇంటరాగేషన్ మొదలుపెట్టాను.

"తొమ్మిది ఎవరు లెక్కపెట్టారు?"

"నేనే. మొదటి సీజన్ ఎక్సెల్‌లో ఉంది."

"రెండు?"

"తర్వాత వచ్చిన డేటా అబ్బాయి తీశాడు. యాప్ నుంచి."

"అందరు రైతులకీ రెండేనా?"

"అందరికీ కాదు. మన గ్రేడర్లున్న ఊళ్లలో."

"నువ్వొక్కడివే తగ్గించావా?"

"యాప్ రాసింది వాళ్లు కదా మామయ్యా."

అయితే అలాగే రాయి అన్నాను. "సొంత గ్రేడర్లున్న ఊళ్లలో" అన్న మాట చేర్చితే అంకె చిన్నదవుతుందని వాడి భయం. చిన్నదవదు, నిలబడుతుంది. ఇంటర్వ్యూలో అవతలివాడు మొదట లాగేది అంకెనే. మూడు ప్రశ్నలకి తట్టుకోలేని అంకె రాయడం కంటే రాయకపోవడం మేలు. కంపెనీ మొత్తం అమ్మకాలు ఇన్ని రెట్లు పెరిగాయని ఇంకో అంకె ఉంది. దాన్ని కొట్టేశాను. అది కంపెనీది, పైగా బయట చెప్పకూడనిదీ అయ్యుండొచ్చు. "నేతృత్వం వహించాను" అన్న క్రియ ఆరు చోట్ల ఉంది. ముగ్గురున్న ఆఫీసులో వీడు ఎవరికి నేతృత్వం వహించాడో అడిగితే నవ్వాడు. ఆ చోట్లలో "రాశాను", "కొలిచాను", "ఎంపిక చేశాను", "అప్పగించాను" అని వేయించాను.

హోదాల దగ్గర చిన్న గొడవైంది. ఆఫర్ లెటర్‌లో "ఆపరేషన్స్ అసోసియేట్" అని ఉంది. చివర్లో ఇచ్చిన కాగితంలో "స్పెషల్ ప్రాజెక్ట్స్" అని ఉంది. ఈ రెండో మాటకి ఏ విభాగంలోనూ ఇమడనివాడు అని అర్థం. వాడు రెండూ తీసేసి "హెడ్ ఆఫ్ ఆపరేషన్స్" అని పెట్టుకుందామన్నాడు. వద్దన్నాను. కొత్త కంపెనీ వెరిఫికేషన్‌కి పంపితే రిలీవింగ్ లెటర్‌లో ఏముందో అదే బయటికొస్తుంది. కాగితంలో ఉన్న హోదా అలాగే ఉంచి, దాని పక్కనే అసలు పని ఏమిటో నాలుగు మాటల్లో రాస్తే సరిపోతుంది: "స్పెషల్ ప్రాజెక్ట్స్, మిర్చి కొనుగోలు, చెల్లింపులు". లింక్డ్‌ఇన్‌లో ఒకే కంపెనీ కింద హోదాలు మెట్ల మాదిరి ఒకదాని కింద ఒకటి పడతాయి. వీడు ఒక్కో పనినీ ఒక్కో ఉద్యోగంలా విడివిడిగా ఎక్కించడంతో, చూసేవాళ్లకి ఆరేళ్లలో తొమ్మిది కంపెనీలు మారినట్టుంది. వాటిని రెండు మెట్లకి దించాం.

తేదీల దగ్గర ఇంకో తిరకాసు. మొదటి ఏడాది వీడికి పీఎఫ్ లేదు. చట్టం ప్రకారం మామూలుగా ఇరవై మంది ఉద్యోగులున్న సంస్థలకే పీఎఫ్ తప్పనిసరి. ముగ్గురున్న కంపెనీ కట్టలేదంటే అందులో తప్పు లేదు. కానీ కొత్త కంపెనీవాళ్లు యూఏఎన్ సర్వీస్ హిస్టరీ తీస్తే అందులో ఐదేళ్లే కనపడతాయి, రెజ్యూమెలో ఆరు. ఎవరైనా అనుమానపడతారు. అందుకని ఆ ఏడాది జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు వెతికించి పక్కన పెట్టించాను.

ఇక కొట్టివేతలు. కేకులు పోయాయి. అద్దె ఇల్లు పోయింది. విమానాశ్రయం పోయింది. వాడు ఏమీ అనలేదు. జనరేటర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం కాగితం మీద చెయ్యి పెట్టాడు.

"అది తియ్యొద్దు మామయ్యా."

"ఎందుకురా?"

"మొదటిసారి నూటయాభై మంది రైతులకి ఒకేరోజు డబ్బులెయ్యాల్సి వస్తే కరెంటు పోయింది. రాత్రి పదకొండింటికి బంకుకి పోయి, క్యాన్‌లో డీజిల్ తెచ్చి పోశా. తెల్లారేసరికి అందరికీ పడ్డయ్యి."

ఈ కథని కొట్టెయ్యడానికి నాకూ చెయ్యి రాలేదు. కానీ రెజ్యూమెలో అది "జనరేటర్ నిర్వహణ" అన్న రెండు మాటలయిపోతుంది. అలా చచ్చిపోయే బదులు ఇంటర్వ్యూలో నోటితో చెప్పు అన్నాను. చివర్లో ఒక్క వాక్యం మిగిల్చాను: "మొదటి రెండేళ్లు ఆఫీసు నడవడానికి కావలసిన మిగతా పనులూ చూశాను." ఆనాటి డీజిల్ వాసనంతా ఆ "మిగతా"లో ఉంది.

వాడికి ఇంకో ఆశ కూడా ఉంది, యాప్‌లు తయారుచేసే వైపు ఉద్యోగమొస్తే బాగుండునని. దానికి వేరే రెజ్యూమె రాశాం. వాస్తవాలు అవే, హోదాలు అవే, తేదీలు అవే. గ్రేడింగ్ పేజీ కుదించి, తాలుని యాప్‌లో ఎలా పెట్టారన్న భాగం పెంచాం. లింక్డ్‌ఇన్ మాత్రం ఒకటే ఉంటుంది కాబట్టి అక్కడ ఆపరేషన్స్ వైపే మొగ్గాం. రెండు పడవల మీద రెండు కాళ్లు వేయొచ్చు గానీ, ఫొటో ఒక పడవ మీద దిగాలి.

లింక్డ్‌ఇన్‌లో మన గురించి రాసుకునే చోట 2,600 అక్షరాలు పడతాయి. కానీ తెరిచి చూడకముందు కనపడేవి మొదటి మూడు నాలుగు లైన్లే. 2018లో ల్యాడర్స్ అనే అమెరికా ఉద్యోగాల సంస్థ, రిక్రూటర్ల కళ్లు ఎటు కదులుతున్నాయో యంత్రంతో కొలిచి, ఒక రెజ్యూమె మీద మొదటి చూపు సగటున 7.4 సెకన్లని చెప్పింది. 2012లో అదే సంస్థ ఆరు సెకన్లంది. ఆరేళ్లలో మానవజాతి ఓపిక సెకను పైన పెరిగిందని సంతోషించాలి. ఏదైనా, చెప్పాల్సింది మొదటి వాక్యంలోనే ఉండాలి. వాడు ఇంగ్లీషులో పెట్టుకున్నది తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

"రైతు దగ్గర పంట కాంటా వేసిన క్షణం నుంచి అతని ఖాతాలో డబ్బు పడేదాకా జరిగే పనిని కట్టి నడపడం నా వృత్తి. ఎండు మిర్చి కొనే స్టార్టప్‌లో మూడో ఉద్యోగిగా చేరాను. చెల్లింపుకి తొమ్మిది రోజులు పట్టేది. కారణం గ్రేడింగ్ వివాదాలని కనిపెట్టి, రైతూ మిల్లూ ఇద్దరూ ఒప్పుకునే నాణ్యతా నియమాలు రాశాను. వాటి మీద ధర లెక్క తయారుచేసి, సాంకేతిక బృందంతో కలిసి యాప్‌లోకి తెచ్చాను. గ్రేడర్లని ఎంపిక చేసి, శిక్షణ ఇచ్చి, పని అప్పగించాను. సొంత గ్రేడర్లున్న ఊళ్లలో చెల్లింపు రెండు రోజులకి వచ్చింది. మొదటి రెండేళ్లు ఆఫీసు నడవడానికి కావలసిన మిగతా పనులూ చూశాను. పంటల కొనుగోలు, సరఫరా రంగంలో ఆపరేషన్స్ మేనేజర్ పని కోసం చూస్తున్నాను."

నాలుగు పేజీలు ఇంత అయ్యాయి. మళ్లీ మా ఆవిడకే ఇచ్చాను. వంటింట్లో పోపు వేస్తూ, గరిటె దించకుండా చదివింది. ఏడు సెకన్లకి కాస్త ఎక్కువే పట్టింది, ఆవాలు చిటపటలాడే దాకా. "రైతులకి డబ్బులు త్వరగా అందేలా చూస్తాడన్నమాట," అంది. ఇంకేమీ చెప్పాల్సిన అవసరం లేకపోయింది. ఒకసారి చదివిన మనిషి కాగితం తిరగేసి పెట్టి, మన పని ఏమిటో తన మాటల్లో చెప్పగలగాలి. చెప్పలేకపోయినా, లేక "చాలా పనులు చేస్తాడు" అన్నా, ఇంకా కొట్టెయ్యాల్సింది మిగిలి ఉందని లెక్క.

తర్వాత పిలుపులు వచ్చాయి. ఒకచోట ఇంటర్వ్యూ చేసినాయన తాలు అంటే ఏమిటని అడిగి, గంటసేపు దాని మీదే కూర్చోబెట్టాడట. జనరేటర్ కథ కూడా చెప్పొచ్చాడు. విజయవాడలో పప్పులు, సుగంధ ద్రవ్యాల కంపెనీలో ఆపరేషన్స్ మేనేజర్‌గా చేరాడు. మొదటి వారమే ఆఫీసులో ఏసీ పాడైతే మెకానిక్ నంబరు వీడి దగ్గరే దొరికిందట. దాన్ని ప్రొఫైల్‌లో ఎక్కించొద్దని గట్టిగా చెప్పాను.

ఏ కంపెనీలోనైనా మూడో, నాలుగో మనిషిగా పని చేస్తున్నవాళ్లు ఇది చదువుతుంటే ఒక మనవి. కంపెనీ ఈమెయిల్ మూసేశాక అందులోంచి ఏదీ బయటికి రాదు. అందుకని మీ ఆఫర్ లెటరు, హోదా మారినప్పుడు ఇచ్చిన కాగితం, పీఎఫ్ లేని నెలల జీతపు స్టేట్‌మెంట్లు ఇప్పుడే సొంత మెయిల్‌కి తెచ్చి పెట్టుకోండి. పని మీ చేతుల్లోంచి ఇంకొకరికి మారిన రోజున, అంతకుముందు ఎంత పట్టేది, ఇప్పుడెంత పడుతోంది అన్న అంకె ఒక చోట రాసి పెట్టుకోండి, కంపెనీ రహస్యాలు మాత్రం కంపెనీకే వదిలెయ్యండి. నా దగ్గరికొచ్చి రాయించుకోవాలనుకునేవాళ్లు ఆ అంకె లేకుండా మాత్రం రాకండి.